కవర్ లెటర్‌లో కొలతల ముక్క

"మెజర్డ్ డ్రాయింగ్ అనుభవం ఉంది" అని కవర్ లెటర్‌లో రాసి, పాత కట్టడాలను పరిరక్షించే కన్జర్వేషన్ ఆఫీసులకు పంపితే ఒక్క జవాబూ రాలేదు. ఆ వాక్యం తీసేసి, ఏ కట్టడం, ఏ స్కేలు, నేను కొలిచిందేమిటి, తప్పు ఎలా పట్టుకున్నానో రాశాను:

"ఊరి గుడి మండపం ప్లాను 1:50లో గీశాం. స్తంభాల మధ్య దూరాలు నేనే టేపుతో కొలిచాను. మూలలు లంబకోణాలే అనుకుని గీస్తే, సైటులో కొలిచిన కర్ణానికి 6 సెం.మీ. తేడా వచ్చింది. రెండో కర్ణం కూడా కొలిచి, వంకరను వంకరగానే చూపాను."

ఫైనల్ షీటుతో పాటు, సైటులో పెన్సిల్‌తో అంకెలు రాసుకున్న నోట్‌బుక్ పేజీ ఫొటో (మట్టి మరకతో సహా) ఒకే పీడీఎఫ్‌లో జత చేశాను. ఈసారి ఇంటర్వ్యూకి పిలిచారు.

టీమ్‌లో వేరేవాళ్లు కొలిచింది మాత్రం మీదిగా రాయకండి. ఆ షీటే ముందు పెట్టి "ఈ ఎత్తు ఎలా తీశావు?" అని అడుగుతారు.