ఎల్‌సీఎల్ లెక్క, 4వ పాఠం: ప్యాలెట్ ఎక్కాక ఏమవుతుంది?

ఎల్‌సీఎల్ అంటే కంటైనర్ నిండని, ఇతరుల సరుకుతో కలిసి వెళ్లే సరుకు. 40 కార్టన్ల జీడిపప్పుకు ఓడ కిరాయిని నిర్ణయించేది బరువా, ఘనపరిమాణమా అని పోయిన పాఠంలో ఇచ్చిన లెక్కకు చాలామంది "బరువే నిర్ణయిస్తుంది" అని రాశారు. తప్పు ఎక్కడ జరిగిందో తెలిసింది. ఘన సెంటీమీటర్లను 6000తో భాగించారు. అది విమానం లెక్క. ఓడలో 1 ఘనపు మీటరు అంటే 1000 కిలోలు, అంతే.

పలాస, బరంపురం వైపు నుంచి విశాఖకు వెళ్లే సరుకే మళ్లీ చూద్దాం. కార్టన్‌కు రెండు డబ్బాలు, బయటి కొలత 49×25×37 సెం.మీ., ప్యాకింగుతో కలిపి 25.5 కిలోలు. 40 కార్టన్లకు 1.813 ఘనపు మీటర్లు, 1.02 టన్నులు. పెద్దది ఘనపరిమాణం, కాబట్టి 1.813 రెవెన్యూ టన్నులు, అంటే కిరాయి లెక్కకట్టే టన్నులు. 6000తో భాగిస్తే 302 కిలోలు వచ్చి, జవాబు తలకిందులవుతుంది.

నేను కాగితం తీయకముందే ఒకటి ఊహిస్తాను: మూత బిగించిన ఈ పెట్టెను వంశధారలో పడేస్తే తేలుతుందా, మునుగుతుందా? తేలితే ఘనపరిమాణం, మునిగితే బరువు. ఆ 1000 కిలోలు నీటి బరువే కదా.

ఇక నాకు చిరాకు తెప్పించే సంగతి. 1.813 అని బిల్లు రాదు. గోదాములో టేపు పట్టేది కార్టన్లకు కాదు, ప్యాలెట్ అంచు నుంచి అంచుకి, నేల నుంచి పైకొసకి. వరుసకు 8 కార్టన్లు పేరిస్తే 98×100 సెం.మీ. అయిదు వరుసలకు 185, చెక్క 15, మొత్తం 200 సెం.మీ. ఎత్తు. 100×100 ప్యాలెట్ అయితే సరిగ్గా 2.00. చేతికందిందని 110×110 ప్యాలెట్ వేస్తే 2.42! సరుకు అదే, చుట్టూ ఖాళీ అంచుకి 0.42 టన్ను కిరాయి. చుట్టిన ప్లాస్టిక్ వదులై కార్టన్లు ప్యాలెట్ అంచు దాటి ప్రతి వైపూ 2 సెం.మీ. ఉబికినా 104×104 అయి, 2.16 పడుతుంది. దిగే రేవులో గోదాము ఖర్చులు కూడా సాధారణంగా ఈ టన్నుల మీదే వేస్తారు కనుక తేడా రెండుసార్లు తగులుతుంది. నేనైతే ముందు కార్టన్ కొలిచి, తర్వాతే ప్యాలెట్ చేయించమంటాను. చెక్కకు పురుగు పోయేలా శుద్ధి చేశారని చూపే ఐఎస్‌పీఎమ్ 15 ముద్ర తప్పనిసరి, అది మీకు తెలిసిందే.

అభ్యాసం: 100×100 ప్యాలెట్ చెక్క బరువు 20 కిలోలు. అదే కొనుగోలుదారుకు, అదే బిల్లు ఆఫ్ లేడింగ్, అంటే అదే ఓడ సరుకు రసీదు మీద 900 కిలోల ఇత్తడి సామాను, 0.4 ఘనపు మీటరు కలిసింది. పోల్చాల్సింది సరుకువారీగా కాదు, మొత్తానికి మొత్తం. విడి బిల్లులైతే ఎన్ని టన్నులు, కలిపితే ఎన్ని? ఒక్కో బిల్లుకు కనీసం 1 రెవెన్యూ టన్ను అనుకోండి. తర్వాత, ఇదే సాంద్రతతో ఇత్తడి పెంచుకుంటూ పోతే ఎన్ని కిలోల దగ్గర బరువు ఘనపరిమాణాన్ని అందుకుంటుందో తేల్చండి. 1728 రావాలి. 1764 వచ్చిందంటే చెక్క బరువు మరిచారు.