గేమ్ ఆగిపోతోందా? షాపుకి వెళ్లే ముందు ఇవి చూడు

తమ్ముడూ,

☐ ఫోన్ వెనక చెయ్యి పెట్టి చూడు. కాలుతుంటే చార్జర్ తీసి, కవర్ ఊడదీసి పావుగంట పక్కన పెట్టు. వేడెక్కితే ప్రాసెసర్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. చల్లారాక గేమ్ బాగా ఆడితే రిపేరు అక్కర్లేదు. ఫ్రిజ్‌లో మాత్రం పెట్టకు, లోపల చెమ్మ చేరుతుంది.

☐ వెనక మూత ఉబ్బితే ఇంకేమీ చెయ్యకు. చార్జింగ్ పెట్టకుండా నేరుగా షాపుకే.

☐ స్టోరేజ్ నిండితే పాత వీడియోలు తీసేసి రీస్టార్ట్ చెయ్.

☐ సెట్టింగ్స్‌లో ఆ గేమ్ తెరిచి Clear cache నొక్కు. పక్కనే ఉండే Clear data జోలికి పోకు. నువ్వు గెస్ట్‌గా ఆడుతున్నావు కదా, లెవెల్స్ అన్నీ పోవచ్చు. ముందే గూగుల్ అకౌంట్‌కి లింక్ చేసుకో.

☐ మిగతా యాప్‌లూ ఆగిపోతుంటే షాపుకి వెళ్లు, ఫోటోలు బ్యాకప్ తీసుకున్నాకే.